తిరుపాల్ ఫోనుకు వచ్చిన చివరి మెసేజ్

బ్యాంకులో నా ఖాతాకు ఉన్నది మా మరిది తిరుపాల్ ఫోన్ నంబరు. అది రాయించిన రోజుల్లో నాకు చదువూ లేదు, ఫోనూ లేదు. మా వీధి ఆడవాళ్లందరికీ ఆయన నంబరే. గొర్రె అమ్మిన దుడ్లు ఖాతాలో పడితే ముందు ఆయన ఫోను మోగేది, ఆయన నోటి నుంచి వీధంతా తెలిసేది. నేను ఇల్లు చేరేలోపే ఎవరో ఒకరు చేబదులు కోసం వాకిట్లో కూర్చునేవాళ్లు.

పోయినేడు అక్షరాలు నేర్చుకున్నాను, ఫోను కొనుక్కున్నాను. కేవైసీ కాగితాలు మళ్లీ ఇవ్వమని బ్యాంకువాళ్లు అడిగినప్పుడు, ఈసారి నా నంబరే రాయించాలనుకున్నాను. తీరా రొద్దంలో పెనుకొండ బస్సెక్కితే, తిరుపాల్ ముందు సీట్లోనే ఉన్నాడు. మొహం మీద చెప్పడానికి నోరు రాలేదు.

బ్యాంకులో ఫారాలు నింపుతున్నది రేష్మ అనే పిల్ల. హిందూపురం కాలేజీ నుంచి ఇంటర్న్‌గా వచ్చిందట. నా ఆధార్ కార్డునూ దాని జిరాక్సునూ పక్కపక్కన పెట్టి పేరు, పుట్టిన తేదీ, అడ్రసు ఒక్కొక్కటే పోల్చింది.

"ఏమ్మా, అంతసేపు చూస్తాండావు? కార్డులో కంటే మా వదిన బాగానే ఉండాది లే" అన్నాడు తిరుపాల్.

ఫోన్ నంబరు గడి దగ్గరికి రాగానే ఆయనే తన నంబరు గడగడా చెప్పాడు. రేష్మ పెన్ను కదల్లేదు.

"అన్నా, వివరాలు ఖాతా ఉన్నామె దగ్గరే తీసుకోవాల. నువ్వు ఆ కుర్చీలో కూర్చో."

"నేనేమన్నా పరాయోడినా?"

"మా నాయనొచ్చినా ఆడే కూర్చోవాల."

ఆయన నవ్వుకుంటూ వెళ్లాడు. రేష్మ గొంతు తగ్గించింది. "అమ్మా, ఆ నంబరు నీదేనా?"

కాదని తల ఊపాను. చిన్న కాగితం నా ముందుకు తోసింది. "పైకి చెప్పొద్దు, రాసియ్యి."

రాశాను. ఫారంలోకి ఎక్కించే ముందు పెన్ను మొనతో లెక్కపెట్టింది. తొమ్మిదంకెలే ఉన్నాయి. ఫోనులో చూస్తే పక్కపక్కన రెండు సున్నాలు. నేను ఒకటే వేశాను. సరిచేశాక ఫారం నింపి, ఆ చీటీని ముక్కలు చేసే మిషన్లో వేసింది.

పాత రికార్డులో నాది వేలిముద్ర. ఆఫీసరు చంద్రమోహన్ సార్ అసలు కార్డు చూసి, తన ముందే ముద్ర వేయించుకుని, పక్కన కొత్త సంతకం పెట్టించుకున్నాడు. నా ఫోనుకు అంకెలు వచ్చాయి.

"అవి ఎవరికీ చెప్పొద్దు, నాక్కూడా. ఈ మిషన్లో నువ్వే కొట్టు" అంది రేష్మ.

కొట్టాను. అప్పుడు కుర్చీలో ఉన్న తిరుపాల్ ఫోను మోగింది. చదువుకుని నా వైపు చూశాడు. "నంబరు మార్చినారంట. ఇంక నాకు రావా వదినా?"

"రావు."

కాసేపు ఫోను తిప్పి తిప్పి చూశాడు. "పోనీలే. మన వీధి మొత్తానికి బంట్రోతునయిపోయినా. మా చిన్నక్క ఖాతాలో గూడా నా నంబరు తీయిస్తా."

పదిరోజులకు గొర్రెలు అమ్మాను. సాయంత్రం కసువు ఊడుస్తుంటే నా కొంగులో ఫోను మోగింది. గోడ అవతల నుంచి తిరుపాల్ తల పైకొచ్చింది.

"పడిందా వదినా?"

"ఏంది పడేది?"

వాకిలి ఖాళీగా ఉంది. నేను ఊడుస్తూనే నవ్వుకున్నాను.