మంగళవారం రానివాళ్లు

ఇర్బిద్ ఊళ్లోని ఒక షుగర్ క్లినిక్‌లో లెక్కలు తీయడం రిహాబ్ పని. టైము తీసుకున్నవాళ్లలో ఏ రోజు, ఏ డాక్టరు దగ్గరకు ఎంతమంది రాలేదో నెలనెలా పట్టిక వేయాలి. ముందే ఫోన్ చేసి మానుకున్నవాళ్లను అందులో కలపకూడదు. ఫిబ్రవరి పట్టికలో డాక్టర్ సబ్రికి ఆదివారం నూటికి తొమ్మిది మంది రాలేదు. డాక్టర్ నజ్వాకు మంగళవారం ముప్పై ఎనిమిది.

నజ్వా రోగి చెప్పేది చివరిదాకా వింటుంది. అందుకే ఆమె కోసం జనం ఎగబడతారు, టైము దొరకాలంటే డెబ్భై రోజులు ఆగాలి. సబ్రి దగ్గర మూడు రోజులు చాలు. డెబ్భై రోజుల్లో కొందరు మరిచిపోతారు, కొందరు వేరేచోట చూపించుకుంటారు. ఎన్నాళ్ల ముందు టైము తీసుకున్నారో చెప్పే వరుస కూడా రిహాబ్ పట్టికలో ఉండేది. కానీ డైరెక్టర్ మున్జిర్‌కు రెండో పేజీ కనబడితే ఒళ్లు మంట. ఒక్క పేజీలో ఇమడడానికి రిహాబ్ ఆ వరుసనే తీసేసింది.

ఆయన ఆ ఒక్క పేజీ చూసి, నజ్వా మంగళవారాన్ని సబ్రికి ఇచ్చేశాడు. ఆమెకు గురువారం మాత్రం మిగిలింది.

నజ్వా కోప్పడలేదు. మరమియ్యా ఆకు వేసిన టీ గ్లాసు రిహాబ్ బల్ల మీద పెట్టి అడిగింది. "నా పేరు పక్కన ఆ అంకె నువ్వే వేశావా తల్లీ?"

"అంకె నిజమే డాక్టరమ్మా. కారణమే రాయలేదు."

సిగ్గుతో రిహాబ్‌కు తల ఎత్తబుద్ధి కాలేదు. ఆ సాయంత్రమే తీసేసిన వరుసతో మళ్లీ పట్టిక వేసి తీసుకెళ్లింది. మున్జిర్ దాన్ని తిప్పి కూడా చూడకుండా, ఖాళీలు తగ్గుతాయి కదా, ఇంకేం కావాలన్నాడు. తగ్గాయి మరి! మంగళవారం కుర్చీలన్నీ నిండాయి. నజ్వా గురువారానికి నిరీక్షణ నూట ముప్పై రోజులకు పెరిగింది. ఆగస్టులో ఆమె అంకె యాభై ఒకటి.

ఈసారి గురువారం కూడా తీసేసే సంగతి చూడాలన్నాడు మున్జిర్. రిహాబ్ రానివాళ్లకు ఒక్కొక్కరికీ ఫోన్ చేసి కారణం రాయడం మొదలుపెట్టింది. నాలుగో ఫోన్ ఉమ్ ఖల్దూన్ ఇంటికి. ఆమె కూతురు ఎత్తింది.

"మీరు టైము రాసిచ్చిన కాగితం అమ్మ తలగడ కింద పెట్టుకుంది అక్కా. అమ్మ పోయి పద్దెనిమిది రోజులైంది. క్షమించండి, మీకు ముందే చెప్పాల్సింది."

ముందుగా ఫోన్ చేసి మానుకున్నవాళ్లను కలపకూడదు. ఉమ్ ఖల్దూన్ ఫోన్ చేయలేదు. పద్ధతి ప్రకారం రిహాబ్ ఆమెను రానివాళ్లలో వేసి, నజ్వా లెక్కకు ఒకటి కలిపింది.