గేటును కట్టేసిన మిగులు

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్న పెద్దమనిషి ప్రహరీ గోడ సంగతి ఎందుకు మరిచిపోయాడో తెలియదు. బహుశా ఆయన ఇంటి గోడకు లెక్క వేసింది రిటైరైన స్టోర్‌కీపరు అయి ఉండడు.

మన స్టోర్‌కీపరు గారు ఫ్యాక్టరీ గోదాములో తల నెరిసే దాకా పనిచేశారు. అక్కడ సరుకు తగ్గితే దొంగతనం, మిగిలితే దొంగలెక్క. తగ్గడం కంటే మిగలడమే ఆయనకు పెద్ద భయం. ఇంట్లో కూర మిగిలినా భార్య వైపు అనుమానంగా చూసేవారు.

ఇంటి ముందు గోడకు లెక్క ఆయనే కట్టారు. వీధి వైపు పొడవు యాభై ఎనిమిది అడుగుల ఎనిమిది అంగుళాలు. అడుగు వెడల్పు పిల్లర్లు ఎనిమిది. మేస్త్రి వాటిని ముందే పోసి ఉంచాడు. పిల్లర్ల ఎనిమిది అడుగులు తీసేస్తే యాభై అడుగుల ఎనిమిది అంగుళాలు. ఎత్తు ఆరడుగులు. మొత్తం మూడు వందల నాలుగు చదరపు అడుగులు. పదహారు అంగుళాల పొడవు, ఎనిమిది అంగుళాల ఎత్తు ఉండే హాలో బ్లాకులు, మధ్యలో సిమెంటు మాలు మందంతో కలిపి, వంద చదరపు అడుగులకు నూట పన్నెండున్నర పడతాయి. అంటే మూడు వందల నలభై రెండు. పైసా తేడా లేదు.

పిల్లర్లు తీశారు, బాగానే ఉంది. కారు వెళ్లే ఎనిమిది అడుగుల పెద్ద గేటు, మనుషులు వెళ్లే రెండడుగుల ఎనిమిది అంగుళాల చిన్న గేటు మాత్రం తీయలేదు. మరిచిపోయి కాదు సుమండీ! గేట్లు వెల్డరు చేస్తున్నాడు. వెల్డరు సరుకును బ్లాకుల సరుకులోంచి తీసేయడమా? ఒక శాఖ లెక్కలో ఇంకో శాఖ వేలు పెట్టకూడదన్నది ఆయనకు వేదం.

లారీవాడు దారిలో విరిగేవాటికి తరుగు కింద పది బ్లాకులు ఎక్కువ తెస్తే, వాటిని అదే లారీలో వెనక్కి పంపించారు.

"మేస్త్రీ, ఒక్కటి మిగిలినా నేను ఒప్పుకోను. ఒక్కటి తగ్గినా ఒప్పుకోను."

"పగిలితేనో సార్?"

"పగిలినవి సగాలకు వాడు. వరస విడిచి వరసకు చివర్లలో సగాలే కదా పెడతావు."

సిమెంటు దగ్గర మాత్రం పెద్ద పేచీ రాలేదు. బ్లాకు బోలుగా ఉంటుంది కాబట్టి మాలు రెండు అంచుల మీద పరిస్తే చాలు, బొక్కల్లో నింపక్కర్లేదు. ఒకటికి ఆరు ఇసుక కలిపితే మూడు బస్తాలు సరిపోతాయని మేస్త్రి అన్నాడు. సరే, అదీ చుక్క మిగలకూడదన్నారు ఈయన.

ఆవిడకు ఈ గోల పట్టలేదు. మర్నాడు ఉదయం ఆవిడకు డ్రైవింగ్ టెస్టు, మూడోసారి. రెండుసార్లూ రెండు కర్రల మధ్యకు కారుతో వెనక్కి రాబోయి కర్రను పడగొట్టింది. పొరుగూళ్లో మోకాలి ఆపరేషన్ అయిన అక్క దగ్గరికి వెళ్లాలంటే, ఈయన కారు తీసి, దారిలో కిలోమీటర్లు లెక్కపెట్టి, టీ తాగే లోపు "బయల్దేరదామా" అంటారు. అక్క పక్కన ఒక పూట నింపాదిగా కూర్చోవాలని ఆవిడ కోరిక. ఇంకోసారి తప్పితే నేర్చుకోవడమే మానేస్తానని ఒట్టు కూడా పెట్టుకుంది. ఆ రోజు డ్రైవింగ్ స్కూలుకు వెళ్తూ, "కారు లోపలే ఉంది, జాగ్రత్త" అని చెప్పి వెళ్లింది.

మధ్యాహ్నానికి గోడ పూర్తయింది. అయిదు పిల్లరు సందులు, సందుకు తొమ్మిది వరసలు, వరసకు ఆరు. రెండు వందల డెబ్భై బ్లాకులు గోడ ఎక్కేశాయి. డెబ్భై రెండు కింద ఉన్నాయి.

"అయిపోయింది సార్," అన్నాడు మేస్త్రి.

స్టోర్‌కీపరు గారు వరండాలో కుర్చీ వేసుకుని గోడను కాదు, బ్లాకుల గుట్టనే చూస్తున్నారు. "ఎలా అయిపోతుంది? గుట్ట ఉంది కదా!"

"ఇంక గేట్ల జాగాలే ఉన్నాయి సార్. అక్కడ కూడా కట్టమంటారా?"

"బ్లాకులు ఉన్నాయా?"

"ఉన్నాయి."

"కలిపిన మాలు ఉందా?"

"ఉంది. త్వరగా వాడకపోతే బిగిసిపోతుంది."

"మరి నన్నడుగుతావేం? కట్టు!"

మేస్త్రి ఇంతకు ముందు ఎందరో యజమానులను చూశాడు. స్నానాల గదికి కిటికీ వద్దన్నవాళ్లనూ చూశాడు. తన మనిషిని తీసుకుని వీధిలోకి వెళ్లి, బయటి నుంచి కట్టడం మొదలుపెట్టాడు. పెద్ద సందులో యాభై నాలుగు, చిన్న సందులో పద్దెనిమిది. గుట్ట కరుగుతుంటే స్టోర్‌కీపరు గారి కడుపు చల్లబడింది. ఆఖరి బ్లాకును తన చేతులతో అందించారు. "చూశావా, లెక్కంటే ఇదీ!"

సాయంత్రం వీధిలోంచి కేక వినబడింది. "ఏమండీ!"

"లోపలికి రా!"

"ఎక్కడి నుంచి?"

అప్పుడు మొదటిసారి ఆయన గోడను చూశారు. ఈ చివర నుంచి ఆ చివర దాకా గోడే గోడ. మిగతా మూడు వైపులా పక్కింటివాళ్ల గోడలు. స్టూలు ఎక్కి తల పైకి పెట్టారు. అవతల ఆవిడ, చేతిలో సంచి, కళ్లలో నీళ్లు.

"నా కారు ఎలా వస్తుందండీ? పొద్దున్నే టెస్టు!"

"లెక్క సరిపోయిందే మరి," అన్నారాయన నీరసంగా. ఆ మాట ఆయనకే చెడ్డగా వినిపించింది.

ఫోను చేస్తే మేస్త్రి పరుగున వచ్చాడు. "ఇప్పుడైతే మాలు పచ్చిగా ఉంది, ఊడదీస్తే బ్లాకులు శుభ్రంగా వస్తాయి. తెల్లారితే ఉలి పట్టాలి సార్, సగం పగులుతాయి."

"కారు అయిదడుగులే కదా ఎత్తు. కింది ఎనిమిది వరసలు తీసి, పై వరస ఉంచేయరాదూ? ఎనిమిది బ్లాకులైనా లెక్కలో ఉంటాయి."

"పై వరస దేని మీద నిలబడుతుంది సార్, మీ మాట మీదా?"

గోడవతల నుంచి ఆవిడ నవ్వు, ఏడుపు కలిసి వినిపించాయి. ఆ శబ్దానికి ఆయన స్టూలు దిగిపోయారు. "తీసెయ్," అన్నారు. "మొత్తం తీసెయ్." గోదాము ఉద్యోగంలో ఎన్నడూ ఈ మాట అనలేదు. అనగానే ఛాతీ తేలికైనట్టు అనిపించడం ఆయనకే వింతగా ఉంది.

డెబ్భై రెండు బ్లాకులూ మాలు గీకించుకుని మళ్లీ నేల మీదికి వచ్చాయి. మిగులు! ఆయన వాటి చుట్టూ రెండుసార్లు తిరిగారు. తర్వాత ఏమనుకున్నారో, మేస్త్రి చేత పెరట్లో రెండు వరసలుగా పేర్పించారు. ఆ రెండు వరసల మధ్య వెడల్పు, టెస్టులో కర్రల మధ్య ఉండేంత.

"ఎక్కు," అన్నారు ఆవిడతో. "వెనక్కి రా. నేను చూస్తాను."

మొదటిసారి రెండు బ్లాకులు పడ్డాయి, ఒకటి పగిలింది. ఆయన పళ్లు బిగబట్టారు గానీ, "ఫర్వాలేదు, అది తరుగు ఖాతా," అన్నారు. రెండోసారి ఒకటి కదిలింది. రాత్రి పొద్దుపోయేసరికి, పెరటి దీపం వెలుగులో, కారు వాటి మధ్య నుంచి పాములా జారుకుంటూ వెనక్కి వస్తోంది. అప్పటికి ఆయన గొంతు బొంగురుపోయింది.

మర్నాడు ఉదయం డ్రైవింగ్ స్కూలు మాస్టారు పక్కన కూర్చోగా ఆవిడ వెళ్లింది. ఈయన గేటు లేని గేటు దగ్గర బ్లాకు మీద కూర్చుని ఎదురుచూశారు. ఎండెక్కుతుండగా కారు వచ్చి ఆగింది. మాస్టారు దిగి, చేయి కలిపి వెళ్లిపోయారు. ఆవిడ మాత్రం దిగలేదు.

"పాసయ్యానండీ. ఇటు నుంచి ఇటే అక్క దగ్గరికి వెళ్తున్నాను. సాయంత్రం దాకా కూర్చుంటాను, చెప్తున్నా."

"వెళ్లు, వెళ్లు." ఆయన ముఖం వెలిగింది, వెంటనే చిన్నబోయింది కూడా. ఇంత పెద్ద ఇంట్లో ఇంక తనొక్కడే, డెబ్భై ఒక్క బ్లాకులతో.

ఆవిడ ఇంజను ఆపకుండానే పక్క తలుపు తెరిచింది.

"ఈ సీటు మిగిలిపోయిందండీ. మిగులు ఉంచుకోవడం దొంగలెక్క కదా. ఎక్కండి."

ఆయన ఎక్కారు. దారి పొడవునా ఎన్ని కిలోమీటర్లో అడగలేదు.