ఇద్దరిలో ముందెవరు?

ముప్పై ఒక్క ఏళ్లపాటు సీసాల ఫ్యాక్టరీలో లైటు ముందు కూర్చుని, వెంట్రుకంత పగులునైనా పట్టుకున్న మనిషి ఆమె. అందరూ సీసాలక్క అనేవారు. అరవై నిండి రిటైరయ్యే వారం ఆఫీసులో ఫారం ఇచ్చారు. శుక్రవారం సాయంత్రం నాలుగులోపు రెండింటిలో ఒకటి తేల్చాలి: కంపెనీ పింఛను నిధిలో ఆమె పేరున ఉన్న ఇరవై నాలుగు లక్షలూ ఒకేసారి తీసుకోవడం, లేదా బతికున్నన్నాళ్లూ నెలకు పద్నాలుగు వేలు. నెలనెలా తీసుకుంటే ఆ పెద్ద మొత్తం ఇక చేతికి రాదు. ఒకసారి సంతకం పెడితే మార్చడం కుదరదు.

ఫారం అందిన సాయంత్రమే తమ్ముడు ఊడిపడ్డాడు. పాత బండ్లు కొని అమ్మే వ్యాపారం అతనిది.

"మొత్తం తీసుకో అక్కా. పదిహేను లక్షలు పెడితే మినీబస్సు వస్తుంది. నెలనెలా తీసుకుంటే నీ డబ్బు నీకు తిరిగి రావడానికే పద్నాలుగేళ్లు దాటుతుంది. వడ్డీ కూడా లెక్కేస్తే ఇంకా ఎక్కువ. అంతకాలం..."

"అంతకాలం?" అంది అక్క.

"అంటే... నా ఉద్దేశం..."

"డెబ్బై నాలుగు దాకా మీ అక్క ఉండదంటావు, అంతేగా?" కుట్టు మిషను ఆపి అడిగాడు ఆమె భర్త. ఆయన దర్జీ. అరవై మూడేళ్లు.

"అయ్యో బావా! అక్కయ్య నూరేళ్లుంటుంది!"

"అయితే నెలనెలా తీసుకోవడమే లాభం," అన్నాడు బావ. తమ్ముడికి లెక్క అడ్డం తిరిగింది. అక్క బతకాలంటే బస్సు రాదు, బస్సు రావాలంటే అక్క పోవాలి.

అయినా కబురు దావానలంలా పాకింది. మర్నాడు ఆడపడుచు వచ్చి మేడ మీద గదులకు ఏడు లక్షలు చేబదులు అడిగింది. పక్కింటాయన కొట్టు విస్తరించడానికి మూడన్నాడు. ఫ్యాక్టరీ క్యాంటీన్ ఆయన మొహమాటపడుతూ, "రెండు చాలమ్మా, నేను పెద్దాశకు పోను," అన్నాడు.

గురువారం రాత్రి ఆమె వేళ్ల మీద కూడుకుంది. పదిహేను, ఏడు, మూడు, రెండు.

"ఏవండీ, ఇరవై ఏడయ్యాయి. డబ్బు ఇంకా చేతికి రాకముందే మూడు లక్షలు తక్కువ పడ్డాయి."

"పద్నాలుగు వేలైతే ఎవడూ చేబదులు అడగడు," అన్నాడాయన.

అలా తేలిపోయిందనుకుని శుక్రవారం మధ్యాహ్నం ఇద్దరూ ఆఫీసుకెళ్లారు. గుమాస్తా కళ్లద్దాలు సవరించుకుని అడిగింది: "పద్నాలుగు వేలు మీ ఒక్కరి పేరునా? మీరు పోయిన రోజుతో ఆగిపోతాయి. ఇద్దరి పేర్న అయితే నెలకు పన్నెండు వేలే. కానీ మీరు ముందు పోతే, ఆయన ఉన్నన్నాళ్లూ అదే పన్నెండు ఆయనకొస్తుంది."

"ఆయన ముందు పోతే?"

"మీకు పన్నెండే. మళ్లీ పద్నాలుగు కాదు. ధరలు పెరిగినా ఇది పెరగదు."

సీసాలక్క భర్తను కిందనుంచి పైదాకా, పగులు వెతికినట్టు చూసింది.

"అలా చూస్తావేం?" అన్నాడాయన. "నేనే పెద్దవాణ్ణి. నేనే ముందు పోతాను. నీ ఒక్కదాని పేరునే పెట్టించుకో."

"మీ నాన్న తొంభై రెండేళ్లు బతికాడు. మా అమ్మ డెబ్బై దాటలేదు. నేనే ముందు."

"నువ్వెలా ముందు పోతావు? నేనుండగా!"

"మీరెలా పోతారు? అడిగారా నన్ను?"

వరుసలో వెనక నిలబడ్డవాళ్లు మెడలు చాచారు. ఎవరో, "పెద్దాయనే గట్టిగా ఉన్నాడండీ," అని తీర్పిచ్చారు.

"అమ్మా, నాలుగు కావస్తోంది," అంది గుమాస్తా. "ఎవరు ముందన్నది రాయడానికి నా ఫారంలో గడి లేదు. ఇద్దరి పేర్నా కాదా, అంతవరకే చెప్పండి."

సీసాలక్క కలం తీసుకుంది. నేను లేని ఇంట్లో ఈయన చీకట్లో గుండీలు కుట్టుకుంటూ, కరెంటు బిల్లుకు భయపడుతూ కూర్చోవడమా? ఆ దృశ్యం కళ్లముందు మెదలగానే 'ఇద్దరి పేర్న' అని ఉన్న గడిలో టిక్కు పెట్టి, సంతకం చేసేసింది.

బయటికొచ్చాక ఆయన మొహం ముడుచుకున్నాడు. "అంటే నువ్వు ముందు పోదామని తీర్మానించుకున్నావన్నమాట."

"అదేం కాదు. మీకోసం నెలకు రెండు వేలు వదులుకున్నాను. మీరు ముందు పోతే ఆ డబ్బంతా దండగ. కాబట్టి తిన్నగా ఉండండి."

వీధి దాటబోతుంటే లారీ ఒకటి దూసుకొచ్చింది. ఆమె ఆయన మోచెయ్యి పట్టుకుని వెనక్కి లాగింది. లారీ పోయినా వదల్లేదు.

"పెళ్లయిన ఇన్నేళ్లలో వీధిలో నా చెయ్యి పట్టుకోవడం ఇదే మొదటిసారి," అన్నాడాయన మురిసిపోతూ.

"నడవండి నడవండి," అందామె, ఇంకాస్త గట్టిగా పట్టుకుని.