కత్తిరించని ముక్క

కొత్తవాడలో షతరంజీ తివాచీలు నేసే మహిళా సంఘంలో నూలుకు రంగులద్దే పని అఫ్సానాది. ఆఫీసు పని స్రవంతిది. ఇద్దరూ ఒకే బడిలో చదివారు. ఒకరి టిఫిన్ డబ్బాలో ఇంకొకరు చెయ్యిపెట్టి తినేంత చనువు.

ఆ వారం వచ్చిన ఆర్డరులో ఎరుపు రంగు నీళ్ళలో దిగుతోంది. దాని గురించి మాట్లాడటానికి స్రవంతి ఫోన్ చేసింది.

"రికార్డు పెడుతున్న. ఎవరేం చెయ్యాల్నో పాయింట్లు తీసినంక డిలీట్ చేస్త," అన్నది.

"పెట్టుకో," అన్నది అఫ్సానా.

ఎర్ర నూలు మళ్ళీ ఉడికించాలనీ, ఉతికి చూసిన ముక్కను కొనేవాళ్ళకు పంపాలనీ, యాకమ్మ మగ్గానికి దువ్వెనలాంటి పన్నె మార్చాలనీ అనుకున్నారు. తర్వాత స్రవంతి మేనేజరు ఓంప్రకాశ్ మీద కోపమంతా వెళ్ళగక్కింది. స్రవంతి గీసిన డిజైనును అతను తనదని చెప్పుకుంటున్నాడట. ఆమె తిట్టిన తిట్లకు అఫ్సానాకు నవ్వొచ్చింది.

"నీ గొంతు గట్లున్నదేంది?" అన్నది స్రవంతి చివరికి.

రికార్డు నడుస్తోందన్న సంగతి అప్పటికి అఫ్సానాకు గుర్తులేదు. రొమ్ములో గడ్డ తగిలిందనీ, దవాఖానలో సూదిగుచ్చి ముక్క తీశారనీ, బుధవారం రిపోర్టు వస్తుందనీ చెప్పింది. డోర్నకల్‌లో రైల్వే పని చేసే భర్త మజర్‌కు చెప్పలేదు. అత్త ఇమాంబీకి చెప్పలేదు. చెబుతుంటే ఏడుపొచ్చింది. స్రవంతి ఓదార్చింది.

మర్నాడు సంఘం వాట్సాప్ గ్రూపులో స్రవంతి పంపిన లింకు వచ్చింది. స్రవంతి వాడే యాప్‌లో రికార్డింగు ఎక్కిస్తే అది దాన్ని అక్షరాల్లోకి మార్చి, పనులను విడగొట్టి, ఎవరి పేరు ఎదుట వాళ్ళ పని రాస్తుంది. అఫ్సానా తెరిచింది. తన పేరు ఎదుట మొదటిది: ఎర్ర నూలు మళ్ళీ ఉడికించాలి. రెండోది: బుధవారం దవాఖానకు వెళ్ళి గడ్డ రిపోర్టు తీసుకోవాలి.

యాప్‌కు ఏది పనో, ఏది గుండెకోతో తెలియదు. తేదీ, పేరు, చెయ్యాల్సినది దొరికితే పాయింటు చేసింది. ఆ పాయింట్ల అడుగున రికార్డింగు కూడా ఉంది. లింకు ఉన్నవాళ్ళెవరైనా వినొచ్చు.

స్రవంతి చూడకుండా పంపి ఉంటుందని అఫ్సానా తనకు తానే చెప్పుకుంది. రికార్డింగు నొక్కింది. నూలు, మగ్గం మాటలు అయ్యాయి. ఆ వెంటనే, "నీ గొంతు గట్లున్నదేంది?"

ఓంప్రకాశ్ మీద తిట్లు లేవు. ఒక్కటి కూడా లేదు.

ఆఫీసుకు వెళ్ళేసరికి స్రవంతి బిల్లులు సర్దుతోంది.

"లింకు ఆపెయ్యి," అన్నది అఫ్సానా.

స్రవంతి ఆమె ముఖం చూసి లింకు ఆపేసింది. "యాప్ దానంతటదే రాసింది. నేను సూస్కోలే."

"సూస్కోలేదా? నీ మాటలు కత్తిరించినవ్ గదా. నా ముక్క మొదలయ్యే కాడిదాక విని కత్తిరించినవ్."

స్రవంతి బిల్లులు పక్కన పెట్టింది. "ఓంప్రకాశ్ సార్ మొత్తం రికార్డింగు గ్రూపుల పెట్టుమన్నడు. నా మాటలు వింటే నౌకరీ పోతది. నీది తప్పేం కాదు గదా, బీమారి. ఆర్డరు లేటయితాంది, సార్ కొనేటోళ్ళకు కారణం జూపియ్యాలె. నీకు బాగలేదని తెలిస్తే ఎవరేమంటరనుకున్న."

"నన్నొక్క మాట అడగకపోయినవ్?"

"అడిగితే వద్దంటవు."

అఫ్సానా రికార్డింగు కూడా తీసెయ్యమన్నది. స్రవంతి తన ఫోన్లోనూ, యాప్‌లోనూ రికార్డింగు తీసేసి చూపించింది. కానీ అప్పటికే దించుకున్న వాళ్ళ ఫోన్లలో తీసెయ్యడం ఆమె చేతిలో లేదు.

ఇంటికి వచ్చేసరికి ఇమాంబీ గుమ్మంలో కూర్చొని ఉంది. పక్కవీధి యాకమ్మ జాలిపడి వచ్చి రికార్డింగు వినిపించి వెళ్ళిందట.

"నా కోడలు ఏడుస్తాంటే పరాయోళ్ళ ఫోన్ల విన్న," అన్నది ఇమాంబీ. "నాకు చెప్పొద్దనిపించిందా బిడ్డా?"

"నీకు ఫికర్ పెట్టొద్దనుకున్న అత్తా."

ఇమాంబీ లేచి అన్నం పెట్టింది. ఆ రాత్రి మజర్‌కు అఫ్సానాయే ఫోన్ చేసి చెప్పింది. అతనికి అప్పటికే ఎవరో చెప్పారు. కోపపడలేదు, కానీ తనకు ముందే ఎందుకు చెప్పలేదని రెండుసార్లు అడిగాడు.

బుధవారం అత్తాకోడళ్ళిద్దరూ దవాఖానకు వెళ్ళారు. అది మామూలు గడ్డే, భయం లేదన్నారు డాక్టరమ్మ. బయటికి వచ్చి ఇమాంబీ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. అఫ్సానా ఫోన్లో అప్పటికే మెసేజులున్నాయి. రిపోర్టు ఏమొచ్చిందని గ్రూపులో సగంమంది అడుగుతున్నారు. పైన స్రవంతిది: "ఏమన్నరే? నాకు నిద్ర పట్టలే."

ఇదివరకైతే మంచి కబురు మొదట ఆమెకే చెప్పేది. ఫోన్ సంచిలో వేసుకొని, ఇమాంబీ చెయ్యి పట్టుకొని ఆటో ఎక్కింది.