చిటికెన గోరంత ఖాళీ

నేను చెప్పిన మాట మా ఊళ్ళో ఎవరూ నమ్మరు. తప్పు వాళ్ళది కాదు. పడుచుతనంలో మొసలి చెవి పట్టుకుని ఏరు దాటానని చెప్పాను. మొసలికి పట్టుకునేంత చెవి ఉండదని మా మనవరాలు బడిలో చదువుకొచ్చి పదిమందిలో నా పరువు తీసింది. అప్పటినుంచి నా పేరు కోతల తాత.

ఆ మనవరాలే నాలుగు రోజుల ముసురులో, ఒక పొద్దున్నే, పుస్తకం నా ముందు పెట్టింది.

"తాతా, మూడు ప్రశ్నలున్నాయి. కోతలు కొయ్యకుండా చెప్పు. మన జిల్లా కేంద్రం ఏది? వైశాల్యం ఎంత? సరిహద్దు జిల్లాలు ఏవి?"

"ఓస్, ఇంతేనా! కేంద్రం మన వంటిల్లు. సరిహద్దు మీ నాయనమ్మ అట్లకాడ."

"తాతా!"

నవ్వాను గానీ, నిజంగా నాకూ తెలియలేదు. మూడు నెలల క్రితం మా పాత జిల్లాను రెండు ముక్కలు చేశారు, తూర్పు జిల్లా, పడమటి జిల్లా అని. మేం ఎందులో పడ్డామో ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. ఏరు ఎప్పటిలాగే పారుతోంది, మాకేం పట్టింది?

వానలో పిల్లను ఒంటరిగా పంపలేక గొడుగు పట్టుకుని బడిదాకా వెళ్ళాను. బడి గుట్టమీద ఉంటుంది. టీచరమ్మ అప్పటికే తలపట్టుకుని కూర్చుంది.

"చూడండి తాతగారూ, సగం మంది తూర్పు జిల్లా అని రాశారు, సగం మంది పడమర అని. తూర్పు రాసినవాళ్ళకి పడమర సరిహద్దు, పడమర రాసినవాళ్ళకి తూర్పు సరిహద్దు. నేను ఎవరికి మార్కులెయ్యను?"

"అందరికీ సగం సగం వేసెయ్యమ్మా, ఊరు చల్లగా ఉంటుంది."

ఆమె నవ్వలేదు. పిల్లలతో అంది: "జిల్లా కేంద్రమంటే పెద్ద ఊరని కాదు, జిల్లా పెద్ద అధికారి కార్యాలయం ఉన్న ఊరు. పటంలో దానికి వేరే గుర్తు ఉంటుంది. సరిహద్దులు కావాలంటే ఉత్తరం నుంచి మొదలుపెట్టి, గీత వెంట వేలు జరుపుతూ చుట్టూ తిరిగి రండి. అవతల ఏ పేరుంటే అది రాయండి. వైశాల్యం కొత్త పుస్తకాల్లో ఉంది."

రెండు జిల్లాల కొత్త పటాలు, కొత్త పుస్తకాలు ఆ వారమే తెప్పించింది. పటాలు రెండూ ఒకే కొలతవి, సెంటీమీటరుకు నాలుగు కిలోమీటర్లు. పిల్లలు వాటిని సరిహద్దు గీత వెంట కత్తిరించి, నేలమీద పక్కపక్కన పరిచి అంచుకు అంచు జోడించారు. విరిగిన పెంకు అతికినట్టు ఎంత చక్కగా కలిశాయో! ఒక్కచోట తప్ప. ఏటి వంపు దగ్గర గీతలు ఒకదానికొకటి ఎడంగా జరిగి మళ్ళీ కలిశాయి. మధ్యలో చిటికెన గోరంత ఖాళీ, అందులోంచి కింద నేల బండ కనిపించింది.

మనవరాలు దానిమీద వేలు పెట్టింది. "టీచర్, ఇక్కడ ఏ జిల్లా లేదు."

టీచరమ్మ సుద్దముక్క తీసుకుంది. పాత జిల్లా వైశాల్యం 8,640 చదరపు కిలోమీటర్లు. తూర్పు 4,912. పడమర 3,709. కూడితే 8,621.

"పంతొమ్మిది తక్కువ," అంది మనవరాలు.

మా ఊరి గుట్ట, పొలం, ఇళ్ళు అన్నీ కలిపి ఎంతో నాకు తెలుసు. పాత గ్రామ లెక్కలు ఒకప్పుడు నేనే మోశాను. పంతొమ్మిది. "మన ఊరి లెక్కా పంతొమ్మిదేనమ్మా," అన్నాను, ఈసారి కోత కాదు.

"జిల్లాను చేసేటప్పుడు ఊళ్ళ పేర్లు జాబితాగా రాస్తారు," అంది టీచరమ్మ మెల్లగా. "ఆ ఊళ్ళ వైశాల్యాలు కూడితేనే జిల్లా వైశాల్యం. మన పేరు రెండు జాబితాల్లోనూ రాయలేదు."

టీకాల నర్సమ్మ రెండు నెలలుగా ఎందుకు రాలేదో అప్పుడు అర్థమైంది. బద్ధకమని తిట్టుకున్నాం, పాపం.

అప్పుడే కిటికీలోంచి ఏటి అవతలి ఊరు కనిపించింది. ట్రాక్టర్లమీద మంచాలు, మూటలు, మేకలు. ఊరు ఊరంతా ఎత్తుకు కదులుతోంది. ఈ గట్టున మా పల్లపు వీధిలో మాత్రం పొయ్యిల పొగ లేస్తోంది.

టీచరమ్మ ఫోను తీసింది. తూర్పు జిల్లా కేంద్రంలో ఎవరో ఎత్తారు. "అవునమ్మా, పైన ఆనకట్ట గేట్లు ఎత్తుతున్నారు. మధ్యాహ్నానికి నీళ్ళొస్తాయి. మా జాబితాలో ఉన్న ఊళ్ళన్నిటికీ చెప్పేశాం. మీదేది? ఉండండి... లేదే! పడమటి వాళ్ళనడగండి." పడమటి జిల్లాలో ఇంకొకరు ఎత్తి, జాబితా చూసి, తూర్పు వాళ్ళనడగమన్నారు.

ఫోను పెట్టేసి ఆమె నావైపు చూసింది. "నేను పిల్లల్ని వదిలి రాలేను. పల్లపు వీధికి మీరే వెళ్ళాలి."

అంతమందిలో ఆ మాట మోయడానికి దొరికింది నేను!

వీధి మొదట్లోనే టైలరు కొట్టు. మిషను తొక్కుతూ తలెత్తాడు.

"ఏరొస్తోందిరా! లేవండి!"

"మొసలి కూడా వస్తోందా తాతా? చెవులతో సహా?"

వీధి అరుగులన్నీ పకపకా నవ్వాయి.

"ఒట్టురా. గేట్లెత్తారు."

"ఎత్తితే ఆఫీసు నుంచి ఫోను రాదా? ప్రతిసారీ ముందే చెబుతారుగా. నువ్వెళ్ళి పడుకో."

ఇన్నేళ్ళ అబద్ధాలు ఆ అరుగులమీద వరసగా కూర్చుని నన్నే చూస్తున్నట్టుంది. అంతలో వెనకనుంచి చెప్పుల చప్పుడు. మనవరాలు. రెండు పటాలూ చొక్కాకింద దాచుకుని పరుగెత్తుకొచ్చింది. టైలరు బల్లమీద పరిచి అంచులు కలిపింది.

"మామా, మనం ఎక్కడున్నామో చూపించు."

టైలరు నవ్వుతూనే వేలు పెట్టాడు. ఏటి వెంట జరిపాడు. వంపు దగ్గర వేలు కాగితం దాటి బల్లమీద పడింది. రెండోసారి జరిపాడు. మళ్ళీ బల్లే. గుడ్డ ముక్క తక్కువపడితే టైలరుకు చెప్పక్కర్లేదు.

"మరి మనకి ఫోనెవరు చేస్తారు?" అన్నాడు.

"ఎవరూ చెయ్యరు మామా."

నవ్వులు ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దంలో ఏటి చప్పుడు వినిపించింది, అదివరకు వినిపించనంత దగ్గరగా.

గంటలో వీధి ఖాళీ అయింది. టైలరు మిషను వదిలి తల్లిని భుజాన వేసుకున్నాడు. మేం గుట్ట ఎక్కుతుండగానే ఎర్రనీళ్ళు కొట్టులోకి దూరాయి. కాసేపటికి కొట్టు కప్పు మాత్రమే కనిపించింది, ఆ తర్వాత అదీ లేదు.

టీచరమ్మ హాజరు పిలిచినట్టు అందర్నీ లెక్కపెట్టింది. నూట నలభై మంది. అందరూ ఉన్నారు. నీళ్ళు మాత్రం ఆగలేదు. బడికి తొమ్మిది మెట్లు. నాలుగోది మునిగింది. ఫోను మూగబోయింది. అవతలి ఒడ్డున పడవలు తిరుగుతున్నాయి గానీ ఇటు తిరగడం లేదు. వాటికీ జాబితాలుంటాయిగా.

చివరికి ఒక పడవ మా కేకలకు దారి మళ్ళింది. దాని పక్కన తూర్పు జిల్లా అని తెల్లగా రాసి ఉంది. అందులో మనిషి తడిసిన కాగితం విప్పి అరిచాడు: "మీది ఏ జిల్లా?"

అందరూ మనవరాలివైపు చూశారు. పిల్ల నోరు తెరిచేలోపే నేను ముందుకొచ్చాను.

"తూర్పు జిల్లా బాబూ! తాతల కాలం నుంచీ!"

"జాబితాలో లేదే?"

"వెనక పేజీ తడిసి అతుక్కుందేమో చూడు నాయనా. ఈలోపు ముసలమ్మను ఎక్కించుకో."

అతను కాగితాన్ని చూశాడు, టైలరు తల్లిని చూశాడు, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. పడవలో పన్నెండు మంది పట్టారు. మళ్ళీ వస్తానన్నాడు.

"తప్పు జవాబు తాతా," అంది మనవరాలు నా చెయ్యి గట్టిగా పట్టుకుని.

ఐదో మెట్టు మునిగింది. పడవ వంపు తిరిగి కనుమరుగైంది. పడమటి వైపునుంచి ఇంకో పడవలాంటిదేదో కదులుతోంది. అది దగ్గరికొస్తే ఏం చెప్పాలో నేను అప్పటికే సిద్ధంగా ఉంచుకున్నాను.