ఫ్లష్ ట్యాంకు తీర్పు

ఆయన ముప్పై ఏళ్లు ఇంగ్లీషు మాస్టారు. భార్య ప్లంబరు. రిటైరయ్యాక ఇద్దరూ కలిసి యూట్యూబ్ ఛానెల్ పెట్టారు. రిపేరు ఆవిడది, సామాను అందించడం మాస్టారిది. తెలుగులో ఆవిడ చెప్పేది, అదే వీడియోకి ఇంగ్లీషులో ఆయన గొంతిచ్చేవారు. ఆ గొంతంటే మాస్టారికి పంచప్రాణాలు!

వారానికి రెండు భాషల్లో రెండు వీడియోలు ఎడిట్ చేయడం తన వల్ల కాదని బావమరిది చేతులెత్తేశాడు. ఇక ఒక్క భాషే. ఏదన్నది ఫ్లష్ ట్యాంకు వీడియో తేలుస్తుంది. రెండూ ఒకే రోజు పెట్టారు, ఇరవై ఎనిమిది రోజుల లెక్కలొచ్చాయి.

"నాకు తొమ్మిది వందల వ్యూస్, మీ అక్కకి ఆరు వందలే!" మాస్టారు కాలు మీద కాలేసుకున్నారు.

"వ్యూస్ కాదు బావా, ఎంతసేపు చూశారన్నది ముఖ్యం. నిన్ను సగటున నిమిషన్నర చూశారు. అక్కని నాలుగు నిమిషాలు."

"దానిది ఎనిమిది నిమిషాల సాగదీత! నాది ఐదే."

"సరే, శాతంలో చూద్దాం. నీది ముప్పై, అక్కది యాభై."

మాస్టారి కాలు దానంతటదే కిందికి దిగింది.

ఏ నిమిషంలో ఎంతమంది చూస్తున్నారో చూపే తెలుగు గ్రాఫులో ఒక వింత ఉంది. గీత మెల్లగా దిగుతూ వచ్చి మూడో నిమిషం దగ్గర ఒక్కసారిగా లేచింది. అంటే జనం వెనక్కి తిప్పి మళ్లీ చూస్తున్నారన్నమాట. అక్కడ ఏముందా అని నొక్కారు. గోడ దగ్గర కుళాయి కట్టకుండా మాస్టారు పైపు విప్పారు. నీళ్లు ముఖాన చిమ్మాయి. "అయ్యో రామా! ముందు కుళాయి కట్టాలని ఎన్నిసార్లు చెప్పాలండీ మీకు? ఇటు చూడండి..." అంటూ ఆవిడ విసుక్కుంటూనే పూసగుచ్చినట్టు చెప్పింది. ఇంగ్లీషులో ఆ ముక్కని మాస్టారు పరువు కోసం కోయించేశారు.

"దీన్నా చూస్తున్నారు! ఖర్మ!" మాస్టారు తల పట్టుకున్నారు.

"నవ్వి వెళ్లిపోవట్లేదు బావా. ఆ తర్వాత గీత చివరిదాకా పెద్దగా దిగలేదు."

తీర్పు వచ్చేసింది. మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. అద్దాల మీద దుమ్మేమీ లేదు. "అయితే రేపట్నుంచి నాకేం పని లేదన్నమాట," అన్నారు మెల్లగా.

పక్కనే వింటున్న ఆవిడకి ఒళ్లు మండింది. "ఏం మాటలండీ అవి? మీ ఇంగ్లీషులో మీరెవరికి చెప్తున్నారు? గోడకి! నేను మీకు చెప్తున్నా. మీకు అర్థమయ్యేదాకా చెప్తున్నా కాబట్టే ఊళ్లో వాళ్లందరికీ అర్థమవుతోంది. మీరు లేకపోతే నేనెవరికి చెప్పను?"

మాస్టారు గొంతు సవరించుకుని, క్లాసులో వెనక బెంచీ పిల్లాడిలా చెయ్యెత్తారు.

"ఏవోయ్, ఇంతకీ ఆ ట్యాంకులో బంతి ఎందుకు తేలుతుంది?"