పేర్లు పోయిన బొమ్మల సినిమా

జనగామ ఫంక్షన్ హాలులో లైట్లు ఆరాయి. ఢంకా మోగింది. తెర మీద నాలుగు దిక్కుల నుంచి బంగారు ముక్కలు గిరగిరా తిరుగుతూ వచ్చి, నిప్పురవ్వలు చిమ్ముతూ ‘అతుకు’ అన్న మూడక్షరాలై నిలిచాయి. వెనక వరసల్లోని కుర్రాళ్లు పెద్ద హీరో సినిమా మొదలైనట్టు ఈలలు వేశారు.

ముందు వరసలో కూర్చున్న భాగ్యకు ఒంట్లో రక్తమంతా మొహంలోకి ఎగదన్నినట్టయింది. ఆ సినిమాకు టైటిల్స్ చేసింది తను. ఈ బంగారు అక్షరాలు మాత్రం తను చేసినవి కావు.

ఈలలు ఆగకముందే కథ మొదలైంది. గుడ్డ మీద కుట్టిన తండా, కుట్టిన గుడిసె, గడపలో కుట్టిన ఒక ఆడమనిషి. పుణెకు కూలికి పోయిన పెనిమిటి తిరిగొస్తాడని ఎదురుచూస్తూ, ఏడాదికో అతుకు తన లంగాకు వేసుకుంటూ పోతుందామె. మొదటి మాట వినిపించేదాకా గాలి చప్పుడు తప్ప ఏమీ ఉండదు. ఢంకా విన్న చెవులకు ఆ నిశ్శబ్దం ఎక్కలేదు. “సౌండ్ పోయింది బే!” అని ఎవడో అరిచాడు. హాలంతా నవ్వింది. ఆమె మొదటి అతుకు కుట్టి దారాన్ని పంటితో కొరికినప్పుడు కూడా ఆ నవ్వు ఇంకా పూర్తిగా ఆగలేదు.

భాగ్య పక్కనే సక్రి, తుల్సీబాయి, వాళ్లతో పాటు వచ్చిన ఆడవాళ్లు బిగుసుకుని కూర్చున్నారు. మహబూబాబాద్ దగ్గరి తండా నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చారు. సినిమాలోని ప్రతి గుడ్డా వాళ్లు కుట్టిందే. ఎదురుచూస్తూ ముసలిదైపోయే ఆ ఆడమనిషికి గొంతు సక్రిది. భాగ్యది కూడా అదే తండా. హైదరాబాదులో యానిమేషన్ చదివి, జనగామలో అభిలాష్ పెట్టిన చిన్న స్టూడియోలో పనిచేస్తోంది. కథ అభిలాష్‌ది, దర్శకత్వమూ అతనిదే. పెట్టుబడి వాళ్ల నాన్న గోపాల్‌ది. జనగామలో హోల్‌సేల్ బట్టల వ్యాపారం ఆయనకు.

భాగ్య చేసిన టైటిల్స్ వేరు. సినిమా అంతా గుడ్డా దారమే అయినప్పుడు పేరు మాత్రం కంప్యూటర్ అక్షరాల్లో ఎందుకు ఉండాలని ఆమె మొదటి రోజే అడిగింది. నీలం గుడ్డను చట్రానికి బిగించి, కెమెరాను పైనుంచి కిందికి చూసేలా కట్టి, ఎండ మారితే బొమ్మ మిణుకుమంటుందని కిటికీలన్నీ మూసి, సక్రిని స్టూడియోలో కూర్చోబెట్టింది. సక్రి ఒక కుట్టు వేసేది, చెయ్యి తీసేది. భాగ్య ఒక ఫొటో తీసేది. మళ్లీ కుట్టు, మళ్లీ ఫొటో. సినిమాలో బొమ్మలు సెకనుకు పన్నెండు ఫొటోలతో కొంచెం తడబడుతూ నడుస్తాయి కనుక, అక్షరాలు కూడా అదే తడబాటుతో పుట్టాలని ఆమె పట్టుదల. గుడ్డ మీది అద్దం బిళ్లల్లో కెమెరా నీడ పడుతుంటే లెన్సు చుట్టూ నల్లగుడ్డ చుట్టింది. పాట లేదు. సూది గుడ్డలోంచి దూరే చప్పుడొక్కటే. చివరి ‘కు’ కొమ్ము నుంచి దారం అలాగే సాగి, మొదటి దృశ్యంలో తండాకు పోయే బాట అయ్యేది.

చివరి పేర్లకైతే ఆమె ఇంకో పని చేసింది. బొమ్మలు కుట్టిన ఆడవాళ్లందరిలో ఎవరి పేరు వాళ్లతోనే కుట్టించింది. రాయడం రానివాళ్లకు సుద్దముక్కతో అక్షరం గీసి ఇచ్చింది. తుల్సీబాయి ‘ల్సీ’ దగ్గర మూడుసార్లు ఊడదీసి తిట్టుకుంటూ మళ్లీ కుట్టింది. ఒక్కో పేరు, నెమ్మదిగా చదివేవాళ్లు కూడా పైకి చదువుకునేంత సేపు తెర మీద ఉండేది. కథ ముగిసే సంజె రంగులోనే ఆ గుడ్డలు ఒకదాని మీద ఒకటి పరుచుకునేవి.

ఇప్పుడు సినిమా ముగిసింది. నల్లటి తెర మీద సన్నటి తెల్ల అక్షరాలు కిందినుంచి పైకి పరుగు తీశాయి. సమర్పణ గోపాల్ అండ్ సన్స్. ఆ తర్వాత బాబాయిలు, బావలు, దుకాణం గుమాస్తాలు. ‘ఎంబ్రాయిడరీ డిజైన్: శ్రావ్య’ అని ఒక వరస. శ్రావ్య అభిలాష్ చెల్లెలు. ‘సహకారం: తండా మహిళలు’ అని ఇంకో వరస. ‘టైటిల్స్: భాగ్య’ అన్నది రెప్పపాటులో మాయమైంది.

లైట్లు వెలిగాయి. సక్రి తండా భాషలో మెల్లగా అడిగింది.

“మన కుట్టు పేర్లు వచ్చి పోయినయా బిడ్డా? నాకు కండ్లు సక్కగ ఆనలేదా?”

భాగ్య లేచి సరాసరి అభిలాష్ దగ్గరికి వెళ్లింది.

“అన్నా, ఏంది గిది?”

అభిలాష్ చూపు తప్పించాడు. “బాపు ఇది వరంగల్‌ల చేపిచ్చిండు భాగ్యా. నిన్ననే తెచ్చిండు. నీది డల్లుగ ఉందన్నడు. జర గ్రాండుగ ఉండాలె కద, పబ్లిక్ కూసునేదానికి.”

“పబ్లిక్ ఎట్ల కూసున్నరో చూసినవు కద. నవ్విన్రు. సావుకు బ్యాండుమేళం తెచ్చినట్టున్నది. సరే, అది పోనియ్. పేర్లు ఎందుకు తీసిన్రు?”

“చానా లేటయితున్నదని...”

“మీ బావల పేర్లకు లేటు కాలేదా?”

గోపాల్ సేఠ్ అప్పుడే దండలు వేయించుకుని ఇటు వచ్చాడు. చెడ్డమనిషని ఎవరూ అనరు ఆయన్ని. నవ్వుతూనే మాట్లాడతాడు. అదే భాగ్యకు మరింత మంటగా అనిపించింది.

“ఎందుకు గరమైతున్నవు బిడ్డా? వాళ్లకు కూలి ముట్టింది కద. ఎవలకు బాకీ లేం.”

“కూలి ఇస్తే పేరు పోతదా సేఠూ?” భాగ్య ఆయనకు అడ్డంగా నిలబడింది. “నేను కూడ జీతం తీసుకున్న. మరి నా పేరెందుకు ఉంచిన్రు? నేను చెయ్యని బంగారం కింద నా పేరు! శ్రావ్యక్క సూది పట్టంగ నేను ఎన్నడు చూడలే. ఆమె పేరు కుట్టు కాడ! కుట్టినోళ్లు మాత్రం తండా మహిళలు. వాళ్లకు తల్లిదండ్రులు పేర్లు పెట్టలేదా?”

చుట్టూ ఉన్నవాళ్లు తలలు తిప్పారు. గోపాల్ నవ్వు కొంచెం తగ్గింది. “భూపాలపల్లిల పిల్లల సినిమా పండుగకు పంపుతున్నం. అది అయినంక చూద్దాం” అని కదిలిపోయాడు.

బస్టాండుకు నడుస్తూ భాగ్య ఆడవాళ్లకు ఉన్నది ఉన్నట్టు చెప్పింది. దాచిపెట్టడం తన వల్ల కాలేదు. తుల్సీబాయి రోడ్డు మధ్యలోనే ఆగిపోయింది.

“నేను ముప్పుతిప్పలు పడి కుట్టిన నా పేరు! ఎవలో షావుకారు బిడ్డ కుట్టిందని చెప్పిండా?”

సక్రి బస్సు ఎక్కేముందు ఆగి, “ఎల్లుండి మళ్లొస్తం. నువ్వు స్టూడియోలనే ఉండు” అంది.

అన్నట్టే వచ్చారు. వచ్చింది స్టూడియోకు కాదు, అంగడి వేళ గోపాల్ దుకాణానికి. గల్లా ముందు బారుగా నిలబడ్డారు. బట్టలు కొనడానికి వచ్చినవాళ్లు చోటిచ్చి చూస్తున్నారు. భాగ్య పరుగున చేరుకునేసరికి సక్రి మాట్లాడుతోంది.

“సేఠూ, మా పేర్లు పెట్టకుంటె పాయె. మా గుడ్డలు మాకియ్యి.”

“ఏ గుడ్డలమ్మా?”

“సినిమాల కుట్టినయి. గుడిసె, చెట్టు, ఆ ముసలిది. నా గొంతు సుత తీసెయ్యి. మిగిలింది నువ్వు చూపిచ్చుకో.”

కొనడానికి వచ్చినవాళ్లలో ఎవరో కిసుక్కున నవ్వారు. గోపాల్ ముఖం ఎర్రబడింది. “గిట్ల దుకాణం మీదికి వచ్చుడేంది? అభిలాష్, చెప్పు వీళ్లకు!”

అభిలాష్ అట్టపెట్టెల మధ్య నిలబడి నేలచూపులు చూశాడు. భాగ్యకు అతని మీద సేఠు మీదకంటే ఎక్కువ కోపం వచ్చింది. ఆ సినిమా కోసం నెలల తరబడి తండాలో వాళ్ల రొట్టె తిన్నవాడు. ఒక్కమాట అనడేం?

మాట అన్నది శ్రావ్య. లోపలి గది నుంచి బయటికి వచ్చింది. ఆమె కళ్లు ఉబ్బి ఉన్నాయి.

“బాపు, నా పేరు తీసెయ్. నన్ను అడిగినవా పెట్టేముంగట? కాలేజిల నా దోస్తులు ఆ కుట్టు ఎట్ల కుట్టాల్నో నేర్పుమంటున్నరు. నాకు గుండీ కుట్టుకోవస్తదా? సిగ్గుతోని సస్తున్న.”

“నీ కోసమే కద పెట్టిన...”

“వాళ్లది గుంజి నాకిస్తే నాదయితదా?”

గోపాల్ కూతురి ఉబ్బిన కళ్లకేసి, చుట్టూ చూస్తున్న జనం కేసి చూశాడు. చివరికి అభిలాష్ వైపు తిరిగి, “భాగ్య చేసిందే పెట్టు. మొదలుది, ఆఖరుది. కాని ముంగట నా పేరు మాత్రం బంగారందే ఉండాలె. అండ్ల నేను తగ్గ” అన్నాడు.

భాగ్య కుదరదని నోరు తెరిచింది. ఢంకా మోత తర్వాత సూది చప్పుడు ఎవరికి వినిపిస్తుంది? సక్రి ఆమె మోచెయ్యి పట్టుకుంది. భాగ్య ఒక్క షరతు పెట్టింది. బంగారు పేరుకు చప్పుడు ఉండకూడదు. అది పోయాక తెర కొద్దిసేపు నల్లగా ఖాళీగా ఉండాలి. కళ్లూ చెవులూ చల్లబడ్డాకే నీలం గుడ్డ రావాలి. గోపాల్ సరేనన్నాడు.

ఆ సాయంత్రం అభిలాష్ స్టూడియోలో పక్కన కూర్చుని, “తప్పయింది భాగ్యా” అన్నాడు. ఆమె తెర మీంచి చూపు తిప్పలేదు. “నాకు కాదు, తండాకు పోయి చెప్పు” అంది. తీసేసిన తన పాత ఫైళ్లను మళ్లీ వరసలో పెట్టి, చివరి పేర్లలో చుట్టాల వరసలు కత్తిరించి, ‘బట్ట కొన్నది: శ్రావ్య’ అని ఒక్కటి చేర్చింది. బొమ్మలకు బట్ట ఏరి కొనుక్కొచ్చింది శ్రావ్యే, అది నిజం కనుక.

భూపాలపల్లిలో హాలు నిండా బడిపిల్లలు, ఒక పక్క వరసలో భాగ్యతో పాటు తండా ఆడవాళ్లు. బంగారు పేరు నిశ్శబ్దంగా వచ్చి పోయింది. తెర నల్లబడింది. పిల్లలు గుసగుసలు ఆపారు. అప్పుడు సూది మొన గుడ్డలోంచి పైకొచ్చిన చప్పుడు వినిపించింది. ‘అ’ తడబడుతూ పుట్టింది. ఎవరూ నవ్వలేదు. దారం బాటగా సాగి తండాలోకి పోయినప్పుడు ముందు వరసలో ఒక పిల్ల మెడ చాచి చూసింది.

కథ ముగిసి పేర్లు పరుచుకుంటుంటే పిల్లలు పైకి చదవడం మొదలుపెట్టారు. “స-క్రి. తు-ల్సీ-బా-యి.” తుల్సీబాయి పక్కనున్న మనిషిని మోచేత్తో పొడిచి, “గదీ, గా వంకర ‘ల్సీ’ నాదే!” అని అందరికీ వినపడేలా చెప్పింది.

తర్వాత వేదిక మీద నిర్వాహకుడు గోపాల్‌కు శాలువా కప్పి, ఎవరి పేరు వాళ్లతో కుట్టించడం గొప్ప ఆలోచన అన్నాడు. గోపాల్ మైకు అందుకున్నాడు.

“మొదటి నుంచి మా ఉద్దేశం అదే. పనిచేసినోళ్ల పేరు ముంగటుండాలె అని...”

భాగ్య లేచి నిలబడింది. “అబద్ధం సేఠూ!”

పిల్లలంతా ఆమె వైపు తిరిగారు. ఆమె పక్కనున్న ఆడవాళ్ల వైపు చెయ్యి చాపింది. “మీరు ఈ పేర్లు తీసేసిన్రు. వీళ్లు మీ దుకాణం ముంగట నిలబడి తెచ్చుకున్నరు. గది సుత చెప్పున్రి.”

నిర్వాహకుడు కంగారుపడి ఆడవాళ్లను వేదిక మీదికి పిలిచాడు. సక్రి కొంగు సర్దుకుని అందరికంటే ముందు మెట్లెక్కింది. గోపాల్ భుజం మీది శాలువా తీసి ఆమె వైపు చాచాడు. ఆమె తీసుకోలేదు. మైకు తీసుకుంది.